ఆస్పత్రి ఖర్చుకు బంగారం కుదువ పెట్టాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? మా హాస్టల్ మాట



పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "ఇంట్లో ఆపరేషన్ ఉంది, నలభై వేలు కావాలి, నాలుగు నెలల్లో కట్టేస్తాం. అమ్మ కమ్మలు కుదువ పెట్టాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?" కింద కామెంట్లలో సగం మంది "బంగారం జోలికి పోవద్దు, పోతే రాదు" అన్నారు. మిగతా సగం మంది "లోన్ యాప్ పెట్టు, ఐదు నిమిషాల్లో పడతాయి" అన్నారు. రెండు మాటలూ మాకు నచ్చలేదు. మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. నలుగురి ఇళ్లలోనూ ఇలాంటి అవసరం ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది. మా ఇళ్లలో బ్యాంకు కాగితం చదవగలిగే మొదటి మనుషులం మనమే కాబట్టి ఈ లెక్క మనమే వేయాలి. అందుకే కూర్చుని వేశాం.

మా అభిప్రాయం ముందే చెప్తాం. డబ్బు తిరిగి చేతికి వచ్చే తేదీ తెలిస్తే, ఆ తేదీ నాలుగైదు నెలల లోపే ఉంటే, బ్యాంకులో గోల్డ్ లోనే మేలు. ఆ తేదీ తెలియకపోతే బంగారం బయటికి తీయొద్దు. మనకు తెలిసిన ఇళ్లలో నగ పోయింది వడ్డీ ఎక్కువై కాదు, తేదీ లేకుండా కుదువ పెట్టడం వల్ల.

ఒక సంగతి ముందు. ఏ అప్పుకైనా వెళ్లే ముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ జబ్బుకు, ఈ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని అడగండి. ఆంధ్రలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ. వర్తిస్తే అప్పు మొత్తమే తగ్గుతుంది. ఇక్కడ మేము మాట్లాడేది అది పోగా మిగిలిన ఖర్చు గురించే.

మన వడ్డీ భాష, వాళ్ల వడ్డీ భాష

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్తారు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. బ్యాంకు ఏడాదికి శాతం చెప్తుంది. పన్నెండుతో గుణిస్తే రెండూ ఒకటే భాష అవుతాయి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. బ్యాంకులో "పది శాతం" అంటే ఇంట్లో పెద్దవాళ్లు "అబ్బో, పదా!" అంటారు. అది రూపాయి వడ్డీ కంటే తక్కువని చెప్పే పని మనది.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేద్దాం. మా ఇళ్లలో జరిగినవి కలిపి తయారు చేసిన లెక్క ఇది. ఆగస్టులో నాన్న కాలు విరిగింది. రాత్రిపూట దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. అన్నీ పోగా ఇంకా 40,000 రూపాయలు కావాలి. పత్తి అమ్మిన డబ్బు డిసెంబర్‌లో వస్తుంది. అంటే అప్పు నాలుగు నెలలకు. ఇంట్లో అమ్మ కమ్మలు, బుట్టలు కలిపి 7 గ్రాములు ఉన్నాయి.

గోల్డ్ లోన్ అయితే: చాలా బ్యాంకుల్లో వడ్డీ ఏడాదికి సుమారు 9 నుంచి 12 శాతం మధ్య ఉంటుంది. పది శాతం అనుకుంటే 40,000 మీద నాలుగు నెలల వడ్డీ 1,333 రూపాయలు. బంగారం పరీక్షించే అప్రైజర్ ఫీజు, చిన్న చార్జీలు కలిపి ఇంకో 500 వేసుకుందాం. మొత్తం 1,850 లోపే. డిసెంబర్‌లో పత్తి డబ్బు వచ్చాక అసలు, వడ్డీ ఒకేసారి కట్టి కమ్మలు తెచ్చుకోవచ్చు. మధ్యలో కట్టాల్సింది ఏమీ లేదు.

పర్సనల్ లోన్ అయితే: ఉద్యోగం ఉన్న బావ పేరు మీద 16 శాతానికి, పన్నెండు నెలలకు దొరికిందనుకుందాం. ఇది మంచి రేటే, చాలామందికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి 944 రూపాయలు ముందే కోసేస్తారు. చేతికి వచ్చేది 39,056. నెలకు కిస్తీ దాదాపు 3,630. నాలుగు నెలలు కట్టి, పత్తి డబ్బుతో మిగతాది ఒకేసారి మూసేద్దామంటే అప్పటికి కట్టిన వడ్డీ సుమారు 1,880 అవుతుంది. మిగిలిన 27,000 పైచిలుకు మీద ముందుగా మూసినందుకు నాలుగు శాతం చార్జీ, దాని మీద జీఎస్టీ, కలిపి ఇంకో 1,290. అంతా కలిపితే 4,100 దాటుతుంది. కొన్ని కంపెనీలు మొదటి ఆరు నెలలో, ఏడాదో అసలు మూయనివ్వవు కూడా.

ఊళ్లో షావుకారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగు నెలలకు 4,800. అంటే ఈ అవసరానికి పర్సనల్ లోన్ ఖర్చు షావుకారి వడ్డీకి దగ్గరగా వచ్చింది. 16 శాతం అని పేపర్ మీద చూస్తే ఇది కనపడదు. చిన్న కాలానికి తీసుకున్న అప్పులో వడ్డీ కంటే ఫీజులే ఎక్కువ తింటాయి. కాబట్టి లోన్ ఇచ్చే ముందు ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం అడిగి తీసుకోండి. ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటు అందులో ఉండాలి. రెండు చోట్ల పోల్చేటప్పుడు ఆ రేటునే పోల్చాలి.

డబ్బు లెక్క కంటే మాకు పెద్దగా కనపడింది ఇంకోటి. కిస్తీ వచ్చే నెల నుంచే మొదలవుతుంది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లో మన ఇంట్లో పైస ఉండదు, మందుల బస్తాల అప్పే ఉంటుంది. పైగా నాన్న మంచంలో ఉన్నాడు. నెలకు 3,630 ఎక్కడినుంచి వస్తాయి? అకౌంట్లో డబ్బు లేక కిస్తీ వెనక్కి పోతే ఒక్కోసారికి ఐదొందల దాకా చార్జీ పడుతుంది, బావ క్రెడిట్ స్కోరు పడిపోతుంది. నెల జీతం ఉన్న ఇంటికి కిస్తీ సరిపోతుంది. పంటకోసారి డబ్బు చూసే ఇంటికి ఒకేసారి కట్టే అప్పే సరిపోతుంది.

కాగితాల సంగతి

పర్సనల్ లోన్‌కు బ్యాంకు అడిగేవి: మూడు నెలల జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 లేదా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను, క్రెడిట్ స్కోరు. కూలి, పోడు, పత్తి మీద బతికే ఇంట్లో వీటిలో ఏదీ ఉండదు. అంటే నిజానికి మనకు "బ్యాంకు పర్సనల్ లోన్" అనే దారి చాలాసార్లు ఉండదు. బంధువుల్లో జీతగాడు ఎవరైనా తన పేరు ఇస్తే తప్ప. ఇక మిగిలేది యాప్ లోన్. ఫోన్లో కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి అడిగే యాప్ ఏదైనా సరే, అక్కడే ఆపేయండి. అలా అడగడానికి రిజర్వ్ బ్యాంకు రూల్స్ ఒప్పుకోవు. ఏ బ్యాంకు తరఫున, ఏ ఫైనాన్స్ కంపెనీ తరఫున అప్పు ఇస్తున్నారో పేరు చెప్పని యాప్ కూడా అంతే.

గోల్డ్ లోన్‌కు ఆధార్, పాన్ లేదా దాని బదులు ఫారం 60, పాస్‌బుక్, ఫోటో చాలు. నగ కొన్న రసీదు మన ఇళ్లలో ఉండదు. లేకపోతే నగ మనదే అని రాసి ఇచ్చే డిక్లరేషన్ తీసుకుంటారు. అంతా సవ్యంగా ఉంటే ఒక పూటలో పని అవుతుంది. కానీ ఏజెన్సీ బ్రాంచీల్లో అప్రైజర్ రోజూ ఉండడు. ఏ రోజు వస్తాడో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే ఆటో చార్జీ దండగ. ఇంకో మాట. ఫైనాన్స్ కంపెనీలు 20,000 దాటిన అప్పును చేతికి నగదుగా ఇవ్వకూడదు, ఖాతాలోనే వేయాలి. అమ్మ ఖాతా చాలా రోజులు వాడక ఆగిపోయి ఉంటే ఆస్పత్రి వాళ్లు అడిగే గంటకు డబ్బు చేతికి రాదు. ఖాతా నడుస్తోందో లేదో ముందు చూడండి.

ఎవరి పేరు మీద తీసుకోవాలనేది కూడా ఆలోచించాలి. నగ ఎవరి పేరు మీద పెడితే వాళ్లే వచ్చి విడిపించాలి. మంచంలో ఉన్న మనిషి పేరు మీద పెట్టొద్దు. అమ్మ నగ అయితే అమ్మ పేరు మీదే పెట్టడం న్యాయం. అమ్మకు చదువు రాకపోతే షరతులన్నీ ఆమెకు సాక్షి ముందు చదివి వివరించాలని రూల్ ఉంది. ఆ సాక్షిగా మనం కూర్చోవచ్చు. కాగితాలు తెలుగులో కావాలని అడగొచ్చు.

తూకం దగ్గర కళ్లు తెరిచి ఉండాలి

గోల్డ్ లోన్‌లో మోసం జరిగితే ఎక్కువగా మొదటి అరగంటలోనే జరుగుతుంది. అప్రైజర్ నగను గీటురాయి మీద గీసి, తూకం వేసి, రాళ్లు, లక్క, దారం బరువు తీసేసి మిగిలినదే బంగారంగా లెక్క కడతాడు. ఇదంతా మన ఎదురుగానే చేయాలి. మొత్తం బరువు, తీసేసిన బరువు, నికర బరువు, ఎన్ని క్యారెట్లు, ఎంత విలువ కట్టారు అనేవన్నీ రాసిన కాగితం మనకు ఇవ్వాలి. ఆ కాగితం మీద నికర బరువు లేకపోతే సంతకం పెట్టొద్దు. పెట్టే ముందు నగలను ఫోన్లో అన్ని వైపులా ఫోటో తీసి ఉంచండి.

మన లెక్కలో 7 గ్రాముల కమ్మల్లో రాళ్లు, లక్క ఒక గ్రాము పోతే మిగిలింది 6 గ్రాములు. లెక్క తేలిక కోసం 22 క్యారెట్ల గ్రాము 10,000 అనుకుంటే విలువ 60,000. తయారీ కూలికి, తరుగుకు విలువ ఇవ్వరు. రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో తెచ్చిన రూల్స్‌ను 2026 ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలని గడువు పెట్టింది. వాటి ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. అంతా ఒకేసారి కట్టే అప్పు అయితే గడువు చివరికి అయ్యే వడ్డీని కూడా అందులోనే కలిపి చూస్తారు. ఇక్కడ 85 శాతం అంటే 51,000. ఏడాది వడ్డీ కలిపినా మన అప్పు 44,000. కాబట్టి సరిపోతుంది.

అక్కడ కౌంటర్లో "ఇంకో ఆరు వేలు కూడా వస్తాయి, తీసుకోండి" అంటారు. వద్దు. ఆ ఆరు వేలు వదిలేస్తే బంగారం ధర నాలుగో వంతు పడిపోయినా అప్పు నగ విలువను దాటదు. గీత దాకా తీసుకుంటే ధర కాస్త పడగానే "ఇంకా డబ్బు కట్టండి, లేదా ఇంకో నగ తెండి" అని ఫోన్ వస్తుంది. రెండు మూడు నగలు పెట్టాల్సి వస్తే అన్నీ కలిపి ఒకే అప్పుగా కాకుండా విడివిడి అప్పులుగా రాయించండి. కొంత డబ్బు చేతికి రాగానే ఒక్కో నగ విడిపించుకోవచ్చు.

మన ఇళ్లలో బంగారం కంటే వెండే ఎక్కువ. కడియాలు, పట్టీలు. కొత్త రూల్స్‌లో వెండి నగల మీద కూడా అప్పు ఇవ్వొచ్చని ఉంది. కానీ ప్రతి బ్రాంచీ తీసుకోదు, అడిగి చూడాలి.

ఇక వడ్డీ రేటు. కొన్ని ఫైనాన్స్ కంపెనీల బోర్డు మీద తక్కువ రేటు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది నెల నెలా వడ్డీ కట్టేవాళ్లకే. ఒక నెల, రెండు నెలలు కట్టకపోతే రేటు మెట్లు ఎక్కినట్టు పెరిగి 24 శాతం దాకా పోయే స్కీములు ఉన్నాయి. 24 శాతం అంటే మన లెక్కలో నాలుగు నెలలకు 3,200. "ఒక్క రూపాయి కట్టకుండా నాలుగో నెల చివర వస్తే మొత్తం ఎంత కట్టాలి?" అని అడిగి, అంకె కాగితం మీద రాయించుకోండి. రేటు అడిగితే రకరకాల జవాబులు వస్తాయి, మొత్తం అడిగితే ఒక్కటే జవాబు వస్తుంది.

నగ ఎలా పోతుంది

"బంగారం పోతే రాదు" అన్నవాళ్ల భయం ఉత్తది కాదు. మా రూములో ఒకరి ఇంట్లో ఇలాగే పోయింది. ఏడాదికి కుదువ పెట్టారు. ఏడాది చివర వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేశారు. ఆ తర్వాత సిమ్ మారింది. కంపెనీ ఉత్తరం మండల కేంద్రం దాకా వచ్చి ఊరికి చేరలేదు. విడిపిద్దామని డబ్బు పట్టుకుని వెళ్తే వేలం అయిపోయి మూడు నెలలు అయిందన్నారు. ధర పడిపోయి పోయిన నగ కాదు అది. తేదీ మర్చిపోయి, కబురు అందక పోయింది.

వేలం వేయాలంటే వాళ్లు చేయాల్సినవి ఉన్నాయి. ముందు మనకు నోటీసు ఇచ్చి కట్టడానికి సమయం ఇవ్వాలి. ఒకటి మన భాషలో, ఒకటి దేశమంతా వచ్చే పేపర్లో, రెండింటిలో ప్రకటన వేయాలి. అప్పటి విలువలో 90 శాతం కంటే తక్కువకు పాట మొదలు పెట్టకూడదు, రెండుసార్లు పాట జరిగి ఎవరూ కొనకపోతేనే అది 85కు దిగొచ్చు. వాళ్లకు రావాల్సింది పోగా మిగిలిన డబ్బు ఏడు పనిదినాల్లో మనకు తిరిగి ఇవ్వాలి. ఈ చివరి మాట మన ఊళ్లలో చాలామందికి తెలియదు. నగ పోయిందని ఏడ్చి ఊరుకుంటారు. మన లెక్కలో 60,000 నగ మీద 44,000 అప్పు ఉంటే, వేలం ఖర్చులు పోయినా వేలల్లో తిరిగి రావాలి. వేలం ఎంతకు పోయింది, ఎంత కోసుకున్నారు అని లెక్క అడగండి. ఇవ్వకపోతే ముందు ఆ సంస్థకే రాసి ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పేజీ cms.rbi.org.in లో పెట్టొచ్చు. అలాగే అప్పు మొత్తం కట్టాక ఏడు పనిదినాల్లో నగ ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మనకు ఇవ్వాలని రూల్.

ఈ రూల్స్ అన్నీ బ్యాంకులకు, రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు. ఊళ్లో కుదువ వ్యాపారి దగ్గర పెట్టిన నగకు ఇవేవీ వర్తించవు. షెడ్యూల్డ్ ఏరియాలో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండాలని 1960 నుంచే రెగ్యులేషన్ ఉంది. మన దగ్గర చిట్టీ మీద రాసుకునే వాళ్లలో ఎంతమందికి ఉందో మీకూ తెలుసు. "తెలిసినాయన, రాత్రిపూట కూడా ఇస్తాడు" అనేది నిజమే. కానీ ఆయన దగ్గర తూకం కాగితం ఉండదు, వేలం లెక్క ఉండదు, మిగులు ఉండదు.

పర్సనల్ లోన్ ఎప్పుడు మేలు

మేము గోల్డ్ లోన్ వైపు నిలబడ్డాం కానీ అన్నిటికీ అదే అనడం లేదు. చికిత్స నెలల తరబడి సాగేదైతే, డయాలసిస్ లాంటిదైతే, డబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు నగ కుదువ పెడితే రెన్యువల్ మీద రెన్యువల్ పడి చివరికి పోతుంది. ఆ ఇంట్లో నెల జీతం ఉన్నవాళ్లు ఉంటే కిస్తీల అప్పే నయం. ఖర్చు ఎక్కువైనా నెల నెలా తగ్గుతూ పోతుంది, నగ ఇంట్లోనే ఉంటుంది. అలాగే కొన్ని నగలకు తూకంలో విలువ కట్టలేం. నాయనమ్మ నుంచి వచ్చినవి, అమ్మ మెడలోంచి తీయనివి. అవి పోతే మళ్లీ చేయించినా అవి కావు. అవి తప్ప వేరే లేనప్పుడు అప్పు ఖరీదైనా వేరే దారి చూడటమే సరి. ఆ నిర్ణయం అమ్మది. మనం లెక్క చెప్పాలి, కమ్మలు అడగకూడదు.

తమ్ముడి ప్రశ్నకు మా జవాబు ఇది. పత్తి డబ్బు డిసెంబర్‌లో కచ్చితంగా వస్తుందంటే, అమ్మ ఒప్పుకుంటే, బ్యాంకుకు పో. 40,000 మాత్రమే తీసుకో. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్లో రాయి, మీ ఇద్దరి ఫోన్లలో పెట్టు. బ్యాంకులో నీ నంబర్ కూడా రాయించు. సిమ్ మారిస్తే అదే రోజు వెళ్లి చెప్పు. పత్తి డబ్బు పడిన వారంలో, మందుల షాపు బాకీ కంటే ముందు, నగ విడిపించు.

మీ మండలంలో ఏ బ్రాంచీలో అప్రైజర్ ఏ రోజు ఉంటాడో, వెండి తీసుకుంటారో లేదో తెలిసినవాళ్లు కింద రాయండి. అందరికీ ఒక ఆటో చార్జీ మిగులుతుంది.